పద్నాలుగు మంది ముందు విరిగిన పాలు

ఆ ఎండాకాలం తొమ్మిది రోజుల్లో నా కొట్టు దగ్గర విరిగిపోయిన పాలు ముప్పై మూడు లీటర్లు. వాయికి మూడు లీటర్ల చొప్పున పదకొండు వాయిలు. వాటితో పాటు మోరీ కాలువలో పోసిన నీళ్ళు ఇరవై రెండు లీటర్లు, బెల్లం నాలుగు కిలోల పైన, చాయ్‌పత్తి కిలోకు కొంచెం తక్కువ. రోజూ వచ్చేవాళ్ళలో తొమ్మిది మంది ఎదురు కొట్టుకు మారారు. పదకొండేళ్ళుగా పాలు పోసిన మనిషి ఒక్కరు దూరమయ్యారు. వీటిలో పాలు, బెల్లం, పత్తి మళ్ళీ కొనుక్కోవచ్చు. తొమ్మిది మందిలో ఏడుగురు తిరిగి వచ్చారు. చివరి లెక్క మాత్రం ఈ రోజుకూ తెగలేదు. అది ఎలా పడిందో రాస్తాను.

మా కొట్టు గోదావరిఖనిలో ఒక బాయి గేటుకు ఎదురుగా ఉంటుంది. మా దగ్గర బాయి అంటే బొగ్గు గని. పొద్దున ఏడు గంటల షిఫ్టుకు దిగేవాళ్ళు అయిదున్నర నుంచే వస్తారు. నేను ఎనిమిదో తరగతితో బడి మానేశాను గాని లెక్క మానలేదు. రోజూ రాత్రి పడుకునే ముందు ఒక నోట్‌బుక్కులో గీతలు కొట్టి రాసుకుంటాను. పాలు ఎన్ని లీటర్లు, పత్తి ఎన్ని చెంచాలు, చక్కెర, బెల్లం, గ్యాసు, ఎన్ని వాయిలు, ఏ వాయి ఎన్ని గంటలకు పెట్టాను, ఎన్ని చాయ్‌లు పోయాయి. నా కంటే పెద్ద చదువు చదివిన వాళ్ళు కూడా ఏదైనా తేల్చుకోవాలంటే నా నోట్‌బుక్కు అడుగుతారు. దాని మీద నాకు గర్వం ఉండేది. ఆ గర్వమే నా కొంప ముంచింది.

పాలు పోసే అక్క నాకంటే ఆరేళ్ళు పెద్ద. ఏటి పక్క పల్లె. భర్త బాయిలో పని చేసి, ఊపిరితిత్తులు పాడయి ఇంటి పట్టున ఉన్నాడు. రెండు బర్రెలు. మూడున్నరకు పిండి, మొదటి ఆటోలో క్యాను పెట్టుకుని అయిదుకు నా దగ్గర దిగేది. నాకు పన్నెండు లీటర్లు, మిగిలినవి మా వెనుక కాలనీలో మేముండే ఇంటితో కలిపి ఏడు క్వార్టర్లకు. లీటరు గిన్నెతో పన్నెండు సార్లు కొలిచి, చివర గిన్నె అడుగు మునిగేంత కొసరు పోసేది. వద్దన్నా పోసేది. "లెక్క నీది తమ్మీ, కొసరు నాది" అనేది.

ఆ ఏడాది ఎండాకాలం మొదట్లో రోడ్డు వెడల్పు చేయడానికి తవ్వుతూ మా వైపు నల్లా పైపు తీసేశారు. గేటు పక్కన బోరు ఉంది, అందరం దాని మీద పడ్డాం. నా దగ్గర రెండు వందల లీటర్ల డ్రమ్ము ఉండేది. దాంట్లో సగం పైగా నల్లా నీళ్ళు ఉన్నాయి. ఖాళీ అయినంత మేర బోరు నీళ్ళతో నింపుతూ పోయాను. అంటే నీళ్ళు ఒక్క రోజున మారలేదు, రెండు మూడు రోజుల్లో మెల్లగా మారాయి. ఇది ఇప్పుడు రాయగలుగుతున్నాను. అప్పుడు నాకు ఆ ఆలోచనే లేదు. నోట్‌బుక్కులో నీళ్ళకు గడి లేదు. డబ్బులు పెట్టని దానికి గడి ఎందుకు అనుకున్నాను.

ఇంట్లో నా భార్య మాత్రం రెండో వారంలోనే అన్నది.

"పప్పు ఉడుకుతలేదు. అయిదు విజిల్లు పెట్టినా పలుకు పలుకే. సబ్బుకు నురగ వస్తలేదు. ఈ నీళ్ళల్ల నీ చాయ్ ఎట్లయితుందో నీకే ఎర్క."

"చాయ్‌కి పప్పుకు ఏం సంబంధం?" అన్నాను.

"ఏమో. లెక్కలు జేసేటోనివి నువ్వు."

మొదటి వాయి విరిగింది నీళ్ళు మారిన మూడో రోజు, ఆరున్నర దాటాక. అది బెల్లం చాయ్. అప్పటికి కొద్ది నెలల నుంచే బెల్లం చాయ్ పెడుతున్నాను, అడిగేవాళ్ళు పెరిగారు కాబట్టి. నా పద్ధతి ఇదీ: గిన్నెలో నీళ్ళు, పత్తి, దంచిన అల్లం, బెల్లం వేసి బాగా మరగబెట్టడం. డికాషన్ నల్లగా దిగాక, మంట తగ్గించకుండా పచ్చి పాలు పోసి మళ్ళీ పొంగించడం. చలికాలమంతా ఆ పద్ధతిలోనే చేశాను, ఒక్కసారి కూడా తేడా రాలేదు. ఆ రోజు పాలు పోసి గంటె తిప్పుతుంటే పైన తెల్లని రవ్వలాగా తేలింది. ఇంకో పొంగుకు రవ్వ ముక్కలయింది, కింద నీళ్ళు పచ్చగా వేరయ్యాయి. జాలీలో పోస్తే సగం జాలీలోనే నిలిచింది.

బాయి గేటు ముందర పాలు విరగడం అంటే ఎక్కడో ఇంట్లో విరిగినట్టు కాదు. దిగేవాళ్ళకు అదొక శకునం. పైకి నవ్వుతారు గాని గ్లాసు పక్కన పెట్టి పోతారు. అయిదో రోజు ఒకాయన విరిగిన గిన్నె చూసి డ్యూటీ ఎగ్గొట్టి ఇంటికి పోయాడు, ఒక మస్టరు, అంటే ఒక రోజు హాజరు, పోగొట్టుకున్నాడు. ఏడో రోజు ఇంకొకాయన చూసీ దిగాడు. లోపల కాలు బెణికింది, దవాఖానలో కట్టు కట్టించుకుని కుంటుతూ మా కొట్టు ముందు నుంచే పోయాడు. మరునాటి నుంచి ఎదురు కొట్టు ముందు జనం పెరిగారు.

నేను రోజూ చిక్కదనం కొలిచే మీటరు పెట్టి పాలు చూస్తూనే ఉన్నాను. మీటరు ఎప్పుడూ నిలిచే గీత దగ్గరే నిలిచింది. అంటే నీళ్ళు కలపలేదు. అయినా నాకు అనుమానం పోలేదు. నిన్నటి పాలు కలుపుతోందేమో, క్యాను సరిగా కడగడం లేదేమో. పాలు తప్ప వేరేది ఏదీ విరగదు కదా, కాబట్టి తప్పు పాలదే. నాకు ఇంత సులువుగా తోచింది.

తొమ్మిదో రోజు పొద్దున ఆరూ నలభైకి పదకొండో వాయి విరిగింది. అదే సమయానికి అక్క కాలనీలో పాలు పోసి ఖాళీ క్యాను పట్టుకుని తిరిగి వచ్చింది. కొట్టు ముందు పద్నాలుగు మంది ఉన్నారు. లెక్క నాకు ఖచ్చితంగా తెలుసు, ఎందుకంటే పద్నాలుగు గ్లాసులు వరుసగా పెట్టి ఉన్నాయి, ఒక్కదాంట్లోనూ చుక్క పడలేదు.

"ఏందక్కా ఇది?" అని గిన్నె వంచి చూపించాను. "పదకొండేండ్లు నమ్మితే పాసిపోయిన పాలు కలుపుతున్నవా?"

ఆమె గిన్నెలోకి చూసింది. "పొద్దుగాల పిండినవే తమ్మీ. రెండు బర్రెలయి, వేరే చుక్క లేదు."

"మరెట్ల పలుగుతయి?"

"నాకేమెర్క. నీ చేతిల పడ్డంక పలిగినయి."

ఎవరో నవ్వారు. ఆ నవ్వుకు నా ఒళ్ళు మండింది. "మోసం చేసేటోళ్ళు అట్లనే మాట్లాడుతరు. రేపటి నుంచి నా దిక్కు రాకు" అన్నాను.

ఆ గుంపులో మంథని పంతులు ఒకాయన ఉన్నాడు. రిటైరయిన సైన్సు సారు, మా కాలనీలో కొడుకు క్వార్టర్లో ఉంటాడు. చాయ్ తాగడు, కాఫీనే. ఆ వారంలో రెండుసార్లు నేను కలిపి ఇచ్చిన ఆయన కాఫీలో, బెల్లం కాక చక్కెర వేసినా సరే, తెల్లని పలుకులు తేలాయి. "తొందరపడకు. పాల తప్పు కాకపోవచ్చు" అని మెల్లగా అన్నాడు. నేను వినిపించుకోలేదు.

అక్క ఖాళీ క్యాను కింద పెట్టింది. కొంగుతో క్యాను మూత తుడిచి బిగించి ఆటో ఎక్కింది. ఆ రోజు పొద్దున అయిదుకు కూడా ఆమె నాకు కొసరు పోసింది.

మరునాటి నుంచి బండి మీద పెద్ద క్యాన్లు తెచ్చే ఒక తమ్ముని దగ్గర పాలు తీసుకున్నాను. అవే నీళ్ళు, అదే బెల్లం, అదే మంట. ఒక్క వాయి కూడా విరగలేదు. పది రోజులు చూశాను, విరగలేదు. నోట్‌బుక్కులో రెండు గీతలు కొట్టి రాసుకున్నాను: అక్క పాలు, పదకొండు. కొత్త పాలు, సున్నా. ఇంతకంటే రుజువు ఏం కావాలి అనుకున్నాను. ఆ లెక్క అడిగిన వాళ్ళకల్లా చూపించాను. కాలనీలో ఏడు క్వార్టర్లలో ఆరు ఆమె దగ్గర పాలు మానేశాయి. నెల తిరగకముందే ఆమె ఒక బర్రెను పెద్దపల్లి సంతలో అమ్మేసిందని తెలిసింది.

మానని ఏడో ఇల్లు మాదే. అది నాకు తెలియదు. నల్లా పైపు తిరిగి వేసిన వారం తర్వాత ఒక మధ్యాహ్నం అన్నం తింటూ పప్పు బాగుందన్నాను.

"నల్లా నీళ్ళు వచ్చినయి గదా. రెండు విజిల్లకే మెత్తగైంది."

పెరుగు వేసుకుంటూ, ఈ పెరుగు ఇంత గట్టిగా ఎలా తోడుకుంటోంది, ఆ తమ్ముని పాలకు ఇంత మంచి పెరుగు రాదే అన్నాను.

"ఆయన పాలెవరు తోడేసిన్రు? ఇవి అక్క పాలు. రోజు అరలీటరు తీసుకుంటున్న."

"నేను మానుకున్న గదా?"

"నువ్వు మానుకున్నవ్. నేను మానలే. ఈ ఎండాకాలమంత మన ఇంట్ల ఒక్కనాడన్న పలిగినయా?"

ముద్ద కంచంలో పెట్టేశాను. పలగలేదు. అవే పాలు, అదే క్యాను. ఇంట్లో మేం చక్కెర చాయ్ తాగుతాం, అదీ పొద్దున అయిదున్నరకే.

చేయి కడుక్కుని నోట్‌బుక్కు తీశాను. పదకొండు వాయిలూ బెల్లం చాయ్‌లే. ఒక్కటీ చక్కెర చాయ్ కాదు. పదకొండూ ఆరున్నర తర్వాత పెట్టినవే. అయిదున్నర వాయి ఒక్కటీ లేదు. ఇవన్నీ నా చేతి రాతలోనే ఉన్నాయి, నేనే చదవలేదు. నీళ్ళ గడి మాత్రం లేదు. దాన్ని భార్య పప్పు విజిల్ల నుంచి వెనక్కి లెక్క కట్టి పెన్సిలుతో రాశాను.

ఆ సాయంత్రమే పంతులు ఇంటికి పోయాను. ఆయన నన్ను కూర్చోబెట్టి, "ఇన్నాళ్ళకు వచ్చినవా" అన్నాడు. తర్వాత చెప్పింది నాకు అర్థమైనంత వరకు ఇది. పాలల్లో కంటికి కనపడని రేణువులు ఉంటాయి. అవి ఒకదాన్నొకటి తోసుకుంటూ విడివిడిగా తేలుతుంటాయి కాబట్టే పాలు పాలుగా ఉంటాయి. పులుపు ఆ తోపుడును తగ్గిస్తుంది. నీళ్ళల్లో కరిగి ఉన్న సున్నంలాంటివి వాటిని పట్టి కలుపుతాయి. వేడి రెండింటికీ తొందర పెడుతుంది. మూడింటిలో ఏదో ఒకటి కొంచెం ఉంటే పాలు ఓర్చుకుంటాయి. మూడూ ఒక్కసారి మీద పడితే ఓర్చుకోలేవు.

"చాయ్ కంటే కాఫీ పులుపు ఎక్కువ. అందుకే నా గ్లాసుల చక్కెరకే పలుకు తేలింది. నీ బెల్లం గూడ పులుపే, పాతదైతే ఇంకింత. ఎండకు రెండు గంటలు నిలిచిన పచ్చి పాలల్ల గూడ పులుపు మొదలైతది. నోటికి తెలువది, మంటకు తెలుస్తది."

"మరి ఆ బోరు నీళ్ళు?"

"పప్పు ఉడకని నీళ్ళు, నురగ రాని నీళ్ళు. నీ గిన్నె అడుగుకు తెల్లగ పట్టలేదా?"

పట్టింది. చాకుతో గీకి తీశాను రెండుసార్లు. గీకాను గాని అది ఎక్కడి నుంచి వచ్చిందని అడగలేదు.

నాకు మాట చాలదు, లెక్క కావాలి. మరునాడు అక్క పాలు ఇంట్లోనే ఉదయం ఏడున్నర దాకా ఎండ తగిలే అరుగు మీద పెట్టాను. ఎనిమిది చిన్న గిన్నెలు పెట్టుకున్నాను. నాలుగింటిలో నల్లా నీళ్ళు, నాలుగింటిలో బోరు నీళ్ళు. ప్రతి నాలుగింటిలో రెంటికి చక్కెర, రెంటికి బెల్లం. ఆ రెంటిలో ఒకటి మరుగుతుండగా పచ్చి పాలు పోసి పొంగించడం, ఇంకొకటి దించి కొంచెం చల్లారాక కాచిన గోరువెచ్చని పాలు పోసి మళ్ళీ పొంగించకుండా వదలడం. ఎనిమిదింటిలో పూర్తిగా విరిగింది ఒక్కటే: బోరు నీళ్ళు, బెల్లం, మరిగే మంట. నల్లా నీళ్ళు, బెల్లం, మరిగే మంట ఉన్న దాంట్లో అంచుకు సన్నని రవ్వ కనపడింది గాని తాగవచ్చు. మిగిలిన ఆరు శుభ్రంగా ఉన్నాయి. ఆ తొమ్మిది రోజులు నేను కొట్టులో పెట్టింది సరిగ్గా ఆ ఒక్క గిన్నె.

ఇంకొక ప్రశ్న మిగిలింది. అవే నీళ్ళు, అదే బెల్లం అయితే కొత్త పాలు ఎందుకు విరగలేదు? దీన్ని తేల్చడానికి పంతులు ఒక ఉపాయం చెప్పాడు. రెండు గ్లాసుల్లో సమానంగా పాలు వేడి చేసి, ఒక్కో నిమ్మ చుక్క వేసి కలుపుతూ లెక్కపెట్టాను. అక్క పాలు ఏడో చుక్కకు విరిగాయి. బండి తమ్ముని పాలు పదహారో చుక్క దాకా నిలిచాయి. మూడుసార్లు చేశాను, ఒక చుక్క అటూ ఇటూ. మంచి పాలకు అంత ఓపిక ఉండదు.

మరునాడు పొద్దున ఆ తమ్ముడిని అడిగాను. దాచలేదు.

"సోడా ఎయ్యకపోతే ఈ ఎండకు పాలు గోదావరిఖని దాంక వస్తయా అన్నా? జరంతే ఏస్త. అందరేస్తరు."

తినే సోడా పులుపును చంపుతుంది, నీళ్ళలో సున్నాన్ని కూడా కొంత పట్టేస్తుంది. అందుకే విరగలేదు. అంటే నేను పట్టిన లెక్క తప్పు కాదు. పదకొండుకు పదకొండు, సున్నాకు సున్నా. విరిగినవి కల్తీ లేని పాలు, విరగనివి కల్తీ పాలు. నేను దాన్ని తలకిందులుగా చదివాను. పద్నాలుగు మంది ముందు చదివాను.

ఆ ఆదివారం ఏటి పక్క పల్లెకు పోయాను. అక్క ఒక్క బర్రెకు కుడితి పెడుతోంది. రెండో బర్రెను కట్టే గూటం ఖాళీగా ఉంది. జేబులో నోట్‌బుక్కు పెట్టుకుని పోయాను. ఎనిమిది గిన్నెల లెక్క, నిమ్మ చుక్కల లెక్క చూపించాను. ఇంకొక లెక్క కూడా కట్టుకుని పోయాను. ఆమె కొసరు కొలిచి చూస్తే యాభై మిల్లీలీటర్లు వచ్చేది. పదకొండేళ్ళకు రెండు వందల లీటర్లు. మోసగత్తె అన్న మనిషి నాకు ఊరికే పోసిన పాలు అవి.

ఆమె అంతా విన్నది. కుడితి కలిపిన చేయి చీర కుచ్చిళ్ళకు తుడుచుకుంది.

"నా పాలు మంచియని నాకు చెప్పవడితివా తమ్మీ? నాకెర్కలేదా?"

"తప్పయింది అక్కా. రేపటి నుంచి మళ్ళ పొయ్యి. పైసలు ఎక్కువ ఇస్త."

"పైసలు అడిగిన్నా నిన్ను? ఆనాడు ఎంతమంది ఉన్నరు నీ కొట్టు కాడ?"

"పద్నాలుగు మంది."

"లెక్క మంచిగనే యాదికుంది. ఆళ్ళు విన్నరు. ఆళ్ళు ఇంకో పదిమందికి చెప్పిన్రు. పో, ఆళ్ళకు చెప్పు. పద్నాలుగు మందికి చెప్పినంక రా. అప్పుడు పోస్త."

లోపల మంచం మీద ఆమె భర్త దగ్గుతూ, "చాయ్ పెట్టియ్యి పిలగానికి" అన్నాడు. ఆమె పెట్టింది. చక్కెర చాయ్. ఎంత తెల్లగా, ఎంత చిక్కగా ఉందంటే తాగడానికి సిగ్గనిపించింది.

కొట్టుకు వచ్చి నోట్‌బుక్కులో కొత్త పేజీ తీశాను. పద్నాలుగు గడులు, చెప్పిన ఒక్కో మనిషికి ఒక గీత. తొమ్మిది మంది రోజూ కనపడేవాళ్ళే. ఒక్కొక్కరికి విడిగా చెప్పాను. "ఆనాడు నేను అక్కను మోసం అన్న. మోసం కాదు. నా నీళ్ళు, నా బెల్లం, నా పద్ధతి." కొందరు నవ్వారు. ఒకాయన, "చాయ్ పోసేటోడు తప్పు ఒప్పుకున్నడంటే వాన పడుతది ఇయ్యాల" అన్నాడు. కాలు బెణికినాయన మాత్రం సాంతం విన్నాడు. విని, "ఆమె పాల నుంచే నా కాలు బెణికిందని మా ఇంట్ల ఇప్పటికీ అంటరు. ఇయ్యాల పోయి చెప్త" అన్నాడు. పదోవాడు పంతులు. ఆయనకు చెప్పనవసరం లేదు, అయినా చెప్పాను. గీత కొట్టాలి కదా. పదకొండో ఆయన బదిలీ మీద బెల్లంపల్లి పోయాడు. బండి మీద పోయి వెతికి పట్టుకున్నాను. అంతా విని, "ఏ పాలు?" అన్నాడు. ఆయనకు గుర్తే లేదు. బర్రె మాత్రం అమ్ముడుపోయింది.

ఇప్పుడు బెల్లం చివరికి వేస్తాను, గిన్నె దించి పొంగు అణిగాక. పాలు రాగానే కాచి పెడతాను. వానాకాలం రాకముందే నీళ్ళకు గడి గీశాను. నల్లా అయితే న, బోరు అయితే బో. బండి తమ్మునితో సోడా వెయ్యని పాలు ఇస్తేనే తీసుకుంటానన్నాను. అతను రావడం మానేశాడు. వేరే ఇంటి నుంచి తెచ్చుకుంటున్నాను. కాలనీలో ఆరు ఇళ్ళలో నాలుగు మళ్ళీ అక్క దగ్గర పోయించుకుంటున్నాయి. ఆమె రోజూ అయిదుకు ఆటో దిగుతుంది, నా కొట్టు ముందు నుంచే కాలనీలోకి నడుస్తుంది. "ఎంతమందైన్రు?" అని అడుగుతుంది. చెబుతాను. తల ఊపి పోతుంది.

పన్నెండో ఆయన నేను చెప్పేలోపే చనిపోయాడు. ఇంటికి పోయి ఆయన భార్యకు చెప్పాను. ఆమె కొంగు నోటికి పెట్టుకుని విన్నది. దీన్ని గీత కొట్టవచ్చా అని అక్కను అడిగాను. "విన్నది ఆయన, ఆమె కాదు" అన్నది.

మిగిలిన ఇద్దరు ఎవరో నాకు తెలియదు. టోపీలు పెట్టుకుని వెనుక నిలబడ్డ కాంట్రాక్టు పనివాళ్ళు. ఒకరి చేతిలో ఎర్ర టిఫిన్ డబ్బా ఉంది, ఇంకొకరు ఎడమ చేత్తో గ్లాసు పట్టుకున్నాడు. ఎర్ర డబ్బా కనపడితే ఇప్పటికీ ఆపి అడుగుతాను.

పద్నాలుగులో పదకొండు పోగా, మూడు.